తూకం 276 కిలోలు, బిల్లు 553 కిలోలకు: ఛార్జబుల్ వెయిట్ తగవు ఎలా తేల్చాలి

విజయవాడలోని ఓ చిన్న ఎగుమతిదారుడు 24 అట్టపెట్టెల కొండపల్లి బొమ్మలను విమానంలో విదేశానికి పంపమని ఫార్వార్డర్‌కు, అంటే ఎగుమతిదారుల సరుకు తీసుకుని విమానయాన సంస్థలకు అప్పగించే ఏజెంటుకు, ఇచ్చాడనుకుందాం. కాటా మీద పెట్టె ఒక్కొక్కటీ 11.5 కిలోలు తూగింది. మొత్తం 276 కిలోలు. ప్యాకింగ్ లిస్టులో రాసిన కొలతల ప్రకారం 432 కిలోలకు డబ్బు కట్టాలని ఆయన ముందే లెక్కేసుకున్నాడు. ఫార్వార్డర్ బిల్లు మాత్రం 553 కిలోలకు వచ్చింది. ఒకే సరుకుకు మూడు బరువులు. ఇందులో ఎవరో ఒకరు మోసం చేశారని అనిపించడం సహజం. కానీ ఇలాంటి తగవుల్లో తప్పు చాలాసార్లు రెండు వైపులా కొంత కొంత ఉంటుంది. ఏ కిలో ఎక్కడ పుట్టిందో విడదీయకుండా ఉత్తరం రాస్తే దానికి జవాబు కూడా రాదు.

ఈ కేసూ, రేట్లూ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. సూత్రాలు మాత్రం విమాన సరుకు రవాణాలో రోజూ వాడేవే.

బొమ్మలకు బరువు తక్కువ, చోటు ఎక్కువ

కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. పైగా రంగు చెదరకుండా, చేతులూ కిరీటాలూ విరగకుండా చుట్టూ కాగితమో రంపపు పొట్టో కూరాలి. కాబట్టి పెట్టె నిండుతుంది గానీ బరువెక్కదు. విమానంలో బరువుకు ఎంత పరిమితి ఉందో చోటుకూ అంతే ఉంది. అందుకే విమానయాన సంస్థలు అసలు తూకాన్నీ, ఆక్రమించిన చోటును కిలోలుగా మార్చిన అంకెనూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. చోటు నుంచి వచ్చిన అంకెను వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. రెండింటిలో పెద్దది ఛార్జబుల్ వెయిట్.

చోటును కిలోలుగా మార్చే లెక్క చిన్నదే. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించాలి. అంటే ఒక ఘనమీటరు చోటుకు సుమారు 167 కిలోలు. 60 × 45 × 40 పెట్టె 1,08,000 ఘన సెంటీమీటర్లు, అంటే 18 కిలోలు. అలాంటివి 24 ఉంటే 432. మన ఎగుమతిదారుడి అంకె ఇలా వచ్చింది.

ఇందులో రెండు చిన్న నియమాలు ఉన్నాయి. కొలిచేటప్పుడు ప్రతి వైపునూ దగ్గరి సెంటీమీటరుకు సవరిస్తారు, అర సెంటీమీటరు దాటితే పైకే. చివరి కిలోల అంకెను తర్వాతి అరకిలోకు పెంచుతారు. బిల్లులో దశాంశం తర్వాత సున్నా లేదా అయిదు తప్ప మరో అంకె కనిపించకపోవడానికి కారణం ఇదే.

కొలవక ముందు చూడాల్సినది: భాగహారం

టేపు తీసే ముందు బిల్లు కిలోలను మీ కిలోలతో భాగించి చూడండి. సరిగ్గా 1.2 వస్తే పెట్టెలు కొలవడంలో తేడా లేదు. ఎవరో 6000కు బదులు 5000తో భాగించారు. ఇంటింటికీ చేర్చే కొరియర్ సంస్థలు సాధారణంగా 5000 వాడతాయి, ఎయిర్ కార్గోలో 6000. కొటేషన్ ఎయిర్ కార్గోకు ఇచ్చి బిల్లు కొరియర్ లెక్కన వేస్తే అది కొలతల తగవు కాదు, ఒప్పందం తగవు. ఉత్తరం వేరేలా రాయాలి.

మన కేసులో 553ను 432తో భాగిస్తే 1.28. కాబట్టి భాగహారం సరైనదే, సమస్య పెట్టెల దగ్గరే ఉంది.

ఇంకో అనుమానం పాలెట్. ఫార్వార్డర్ పెట్టెలను చెక్క పాలెట్ మీద కట్టి ఉంటే విడిపెట్టెల లెక్క చెల్లదు. మొత్తం పాలెట్‌ను ఒకే దిమ్మగా, బయటికి పొడుచుకొచ్చిన అంచులతో సహా కొలుస్తారు. 120 × 100 పాలెట్ చెక్క ఒక్కటే 15 సెంటీమీటర్ల ఎత్తుంటే, సరుకు ఎక్కించక ముందే 30 కిలోల వాల్యూమెట్రిక్ బరువు అవుతుంది. పాలెట్ ఎవరు అడిగారన్నది అక్కడ అసలు ప్రశ్న. మన 24 పెట్టెలు విడిగానే వెళ్లాయి.

పెట్టెల తయారీదారు చెప్పిన కొలత లోపలిది

మొదటి పొరపాటు ఎగుమతిదారుడిదే. 60 × 45 × 40 అన్న అంకె ఆయన టేపు పెట్టి తీసింది కాదు. అట్టపెట్టెల తయారీదారుడి బిల్లు మీద ఉన్నది. పెట్టెలు చేసేవాళ్లు మామూలుగా లోపలి కొలత చెబుతారు, ఎందుకంటే కొనేవాడికి కావలసింది సరుకు పట్టే చోటు. విమానానికి కావలసింది బయటి కొలత.

అయిదు పొరల అట్ట మందం దాదాపు 5 మిల్లీమీటర్లనుకుందాం. పొడవుకు రెండు గోడలు కలిస్తే ఒక సెంటీమీటరు పెరుగుతుంది, వెడల్పుకూ అంతే. ఎత్తులో మాత్రం పైన రెండు, కింద రెండు మడతలు ఒకదానిమీద ఒకటి వచ్చి మొత్తం నాలుగు పొరల అట్ట ఉంటుంది. అంటే రెండు సెంటీమీటర్లు. బయటి కొలత 61 × 46 × 42. పెట్టెకు 19.64 కిలోలు, 24 పెట్టెలకు 471.5. అంటే 39.5 కిలోలు ఏ దురుద్దేశమూ లేకుండా, అట్ట మందంలోంచే పుట్టాయి. ఇది తెలియకుండా 432 దగ్గరే పట్టుబట్టి రాసిన ఉత్తరాన్ని ఫార్వార్డర్ ఒక్క ఫొటోతో కొట్టిపారేస్తాడు.

పొట్ట పెట్టిన పెట్టెలు

విజయవాడ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద సుమారు 270 కిలోమీటర్లు. లారీలో అడుగు వరుసలో ఉన్న పెట్టెలు పైవాటి బరువు మోస్తూ వెళతాయి. అప్పుడు వాటి ఎత్తు తగ్గి పక్కలు బయటికి ఉబ్బుతాయి. 46 ఉన్న వెడల్పు 48 అవుతుంది, 42 ఉన్న ఎత్తు 41కి దిగుతుంది. బరువు మోసిన పెట్టె ఆనవాలు ఇదే. మూడు వైపులా ఒకేసారి పెరిగి ఉంటే అది లారీ వల్ల కాదు, లోపల అతిగా కూరడం వల్ల. పై మడతలు గుమ్మటంలా లేచి ఉంటాయి, టేపు సాగి కనిపిస్తుంది.

కొలిచేవాళ్లు పెట్టె మూలల దగ్గర కాదు, అత్యధికంగా ఉబ్బిన చోట కొలుస్తారు. నియమం కూడా అదే, ఎందుకంటే విమానంలో పక్క పెట్టె ఆ ఉబ్బుకు అవతలే ఆగుతుంది. గోడౌన్లలో వాడే డైమెన్షనర్ యంత్రం ఇంకా కచ్చితంగా పట్టుకుంటుంది. అది పెట్టెను పూర్తిగా కప్పే దిమ్మను కొలుస్తుంది కాబట్టి ఊడి వేలాడుతున్న స్ట్రాపునో, లేచిన ప్లాస్టిక్ చుట్టునో కూడా పెట్టెలో భాగంగానే లెక్కవేయవచ్చు. యంత్రం అబద్ధం చెప్పదన్న మాట నిజమే. దానికి ఏది పెట్టె, ఏది తాడు అన్నది మాత్రం తెలియదు.

మళ్లీ కొలిస్తే ఏం తేలింది

మన కేసులో ఫార్వార్డర్ గోడౌన్ నుంచి వచ్చిన కొలతల చీటీలో ఒకే ఒక వరుస ఉంది: 64 × 48 × 45, పెట్టెలు 24. ఒక్కటి 23.04 కిలోలు, మొత్తం 553. ఈ ఒక్క వరుసే అనుమానానికి మూలం. రోడ్డు మీద వచ్చిన 24 అట్టపెట్టెలు మూడు వైపులా ఒకే సెంటీమీటరుకు ఉబ్బవు. ఎవరో పైనున్న ఒక్క పెట్టెను కొలిచి 24తో గుణించారు.

సరుకు ఇంకా గోడౌన్‌లోనే ఉండటంతో రెండు పక్షాల మనుషులూ నిలబడి అన్నీ కొలిచారు. 15 పెట్టెలు 61 × 46 × 42 దగ్గరే ఉన్నాయి. అడుగు వరుసలోని 6 పెట్టెలు 62 × 48 × 41కి మారాయి. దశావతారాల సెట్లు అతిగా కూరిన 3 పెట్టెలు మాత్రం నిజంగానే 64 × 48 × 45 ఉన్నాయి. మొత్తం 29,14,596 ఘన సెంటీమీటర్లు. 6000తో భాగిస్తే 485.77, అరకిలోకు పెంచితే 486.

అంటే ఎగుమతిదారుడు చెప్పిన 432 తప్పు, ఫార్వార్డర్ వేసిన 553 తప్పు. 432 నుంచి 471.5 దాకా అట్ట మందం. అక్కడి నుంచి 486 దాకా ఉబ్బు. ఆ పైన ఉన్న 67 కిలోలు మాత్రమే తగవు.

కిలోల తేడా వేరు, రూపాయల తేడా వేరు

ఇక్కడ చాలామంది తడబడతారు. 67 కిలోలను రేటుతో గుణించి అంత వెనక్కి ఇమ్మని రాసేస్తారు. విమాన రేట్లు శ్లాబుల్లో ఉంటాయి: 45 కిలోల లోపు ఒకటి, 45 దాటితే, 100 దాటితే, 300 దాటితే, 500 దాటితే ఇలా రేటు తగ్గుతూ పోతుంది. ఫ్యూయల్, సెక్యూరిటీ సర్‌చార్జీలన్నీ కలుపుకొని 300 శ్లాబుకు కిలో 200 రూపాయలు, 500 శ్లాబుకు 185 అని కొటేషన్ ఉందనుకుందాం.

బిల్లు: 553 × 185 = 1,02,305 రూపాయలు.

సరైన బరువు 486 అయితే అది 300 శ్లాబులో పడుతుంది. 486 × 200 = 97,200. కానీ పై శ్లాబు కనీస బరువైన 500 కిలోలకు కట్టినా 500 × 185 = 92,500 మాత్రమే. ఏది తక్కువైతే అది తీసుకోవడం ఎయిర్ కార్గోలో మామూలు పద్ధతి. అప్పుడు విమాన సరుకుకు రాసే రవాణా పత్రమైన ఎయిర్‌వే బిల్లులో ఛార్జబుల్ వెయిట్ గడిలో 500 అనే రాస్తారు, అసలు తూకం గడిలో 276 అలాగే ఉంటుంది.

కాబట్టి న్యాయంగా కట్టాల్సింది 92,500. వెనక్కి రావాల్సింది 9,805. బిల్లులో 18 శాతం జీఎస్టీ వేసి ఉంటే దాని మీద 1,764.90 కూడా.

92,500ను 200తో భాగిస్తే 462.5 వస్తుంది. అంటే 462.5 నుంచి 500 కిలోల దాకా ఎంత బరువైనా కట్టేది ఒకటే. మన కేసులో 471.5 అయినా, 486 అయినా, రేపు ఇంకెవరో కొలిచి 495 అన్నా ఒక్క రూపాయి మారదు. ఆ పరిధిలో సెంటీమీటర్ల కోసం పోట్లాడటం వృథా శ్రమ. ఉబ్బిన పెట్టెలను ఉత్తరంలో ధైర్యంగా ఒప్పుకోవచ్చు, ఖర్చేమీ లేదు. ఒప్పుకున్నందుకు మిగతా మాటకు బరువు వస్తుంది.

ఉత్తరం

పై లెక్కంతా ఉత్తరంలో ఇలా ఒదుగుతుంది:

> ఎయిర్ ఎక్స్‌పోర్ట్ మేనేజర్ గారికి,
>
> విషయం: మీరు మాకు ఇచ్చిన హౌస్ ఎయిర్‌వే బిల్లుకు సంబంధించిన ఇన్వాయిస్‌లో ఛార్జబుల్ వెయిట్ సవరణ గురించి.
>
> మీ ఇన్వాయిస్‌లో 24 కార్టన్లకు 64 × 48 × 45 సెం.మీ. చొప్పున 553 కిలోలు వేశారు. అసలు తూకం 276 కిలోలు, అందులో తేడా లేదు.
>
> మా ప్యాకింగ్ లిస్టులో ఇచ్చిన 60 × 45 × 40 పెట్టె లోపలి కొలత. ఆ పొరపాటు మాది. దాని ఆధారంగా మేము 432 కిలోలు కోరడం లేదు.
>
> మీ గోడౌన్‌లో మీ సిబ్బంది సమక్షంలో 24 కార్టన్లనూ ఉబ్బిన చోట కొలవగా 1 నుంచి 15 వరకు 61 × 46 × 42, 16 నుంచి 21 వరకు 62 × 48 × 41, 22 నుంచి 24 వరకు 64 × 48 × 45 వచ్చాయి. మొత్తం 29,14,596 ఘ.సెం.మీ., 6000 లెక్కన 486 కిలోలు. రెండు పక్షాలూ సంతకం చేసిన కొలతల పట్టిక, ప్రతి కార్టన్‌కూ టేపుతో తీసిన ఫొటోలు జతచేశాం.
>
> మీ కొటేషన్ ప్రకారం 500 కిలోల శ్లాబు కనీస బరువుకు కడితే మాకు తక్కువ పడుతుంది: 500 × 185 = రూ. 92,500. వేసినది రూ. 1,02,305. తేడా రూ. 9,805, దానిపై జీఎస్టీ. ఈ మొత్తానికి క్రెడిట్ నోట్ ఇవ్వగలరు.
>
> ఎయిర్‌లైన్ వేరే కొలత నమోదు చేసి ఉంటే, మా 24 కార్టన్లకు సంబంధించిన కొలతల చీటీ ప్రతి పంపితే పరిశీలించి జవాబిస్తాం. వివాదం లేని రూ. 92,500, దానిపై జీఎస్టీ ఈ రోజే చెల్లిస్తున్నాం.
>
> భవదీయుడు

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. వివాదం లేని మొత్తాన్ని కూడా ఆపేస్తే, ఫార్వార్డర్ ఎయిర్‌వే బిల్లునో తర్వాతి సరుకునో ఆపడానికి సాకు దొరుకుతుంది. అప్పుడు 9,805 మాట వెనక్కి పోయి బాకీ మాట ముందుకొస్తుంది.

ఫార్వార్డర్ వైపు నుంచి చూస్తే

‘‘నేను ఎయిర్‌లైన్‌కు 553కే కట్టాను, నా జేబులోంచి ఎలా ఇస్తాను?’’ అన్నది మామూలు జవాబు. దీన్ని తోసిపుచ్చలేం, అలాగని వెంటనే ఒప్పుకోనూ లేం. ఎయిర్‌లైన్ ఫార్వార్డర్‌కు ఇచ్చే రవాణా పత్రాన్ని మాస్టర్ ఎయిర్‌వే బిల్లు అంటారు. మన సరుకు ఒక్కటే దాని మీద వెళ్లి ఉంటే ఎయిర్‌లైన్ ఒప్పుకున్న కొలతల కాగితం ఆయన దగ్గర ఉండాలి. అందులో 64 × 48 × 45 ఉంటే తగవు ఎయిర్‌లైన్‌తో. చార్జీల సవరణకు అక్కడ ఒక పద్ధతి ఉంది, దాన్ని చార్జెస్ కరెక్షన్ అడ్వైస్ అంటారు. ఫార్వార్డర్ దాన్ని పెట్టించాలి.

నలుగురైదుగురి సరుకు కలిపి ఒకే మాస్టర్ మీద పంపితే కథ వేరు. ఎయిర్‌లైన్ మొత్తం బరువును మొత్తం చోటుతో పోలుస్తుంది. మన బొమ్మల పక్కన ఎవరిదో ఇనుప సామాను ఉంటే ఒకరి చోటు కొరత, మరొకరి బరువు కొరత పూడ్చుకుంటాయి. ఆ మిగులు ఫార్వార్డర్ లాభం. అది దొంగతనం కాదు, సరుకులు కలపడం ఆయన వృత్తి నైపుణ్యం. అందులో వాటా అడిగే హక్కు ఎగుమతిదారుడికి లేదు. అయితే అలాంటప్పుడు ‘‘నేను 553కే కట్టాను’’ అన్న మాట కూడా నిలవదు, ఎందుకంటే 24 పెట్టెలకు ఎయిర్‌లైన్ విడిగా బిల్లు వేయలేదు. అందుకే ఉత్తరంలో మాస్టర్ బిల్లు అడగలేదు, మన పెట్టెల కొలతల చీటీ మాత్రమే అడిగాం.

చట్టం కూడా ఇద్దరికీ కొంత కొంత ఇస్తుంది. అంతర్జాతీయ విమాన రవాణాకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, 2009లో భారత్ అందులో చేరింది. దాని 10వ అధికరణం ప్రకారం ఎయిర్‌వే బిల్లులో సరుకు గురించి రాసిన వివరాలకు పంపేవాడే బాధ్యుడు. తప్పు కొలత ఇచ్చి తర్వాత మీరు కొలవలేదేం అని అడగలేడు. 11వ అధికరణం ప్రకారం ఎయిర్‌వే బిల్లులోని బరువు, కొలతలు, పెట్టెల సంఖ్య ప్రాథమిక సాక్ష్యం. అంటే వేరే రుజువు చూపి కాదనవచ్చు. ఆ రుజువే రెండు సంతకాల పట్టిక.

సరుకు ఎగిరిపోయాక

మన కేసులో పెట్టెలు గోడౌన్‌లోనే దొరికాయి. చాలామందికి ఆ అదృష్టం ఉండదు. సరుకు కార్గో టెర్మినల్‌లోకి వెళ్లి కస్టమ్స్ అనుమతి పడ్డాక ఎగుమతిదారుడి మనిషి టేపు పట్టుకుని లోపలికి వెళ్లలేడు. కొలవడానికి దొరికే వ్యవధి ఫార్వార్డర్ గోడౌన్‌కు చేరినప్పటి నుంచి టెర్మినల్‌కు బండి బయలుదేరే దాకా, కొన్ని గంటలు. అందుకే విజయవాడలో లోడింగ్ అప్పుడే ప్రతి పెట్టె మీద 1/24, 2/24 అని నంబరు వేసి, స్టీలు టేపు కనిపించేలా మూడు వైపులా ఫొటో తీసి ఉంచుకోవడం తర్వాత పనికొస్తుంది. దర్జీ టేపు సాగుతుంది, దానితో తీసిన ఫొటోను ఎదుటివాడు నమ్మడు.

అదీ లేకపోతే మిగిలేవి బలహీనమైన ఆధారాలు. అదే లాట్‌లో మిగిలిన ఖాళీ పెట్టెను అతికించి కొలవవచ్చు, కానీ ఖాళీ పెట్టెకు ఉబ్బు ఉండదు. అవతలి దేశంలో కొనుగోలుదారుడిని కొలవమనవచ్చు, కానీ అప్పటికి పెట్టె రెండు మూడు చేతులు మారి ఇంకా నలిగి ఉంటుంది. ఆ అంకెలు వాడాల్సి వస్తే, ఉత్తరంలో వాటిని రుజువుగా కాకుండా అనుమానానికి కారణంగా చెప్పి, ఎదుటివాళ్ల కొలతల చీటీ అడగడం మేలు. 24 పెట్టెలకు ఒకే వరుస ఉన్న చీటీ బయటికొస్తే సగం పని అయిపోయినట్టే.

కస్టమ్స్‌కు దాఖలు చేసే షిప్పింగ్ బిల్లు గురించి కూడా కంగారు పడనక్కర్లేదు. అందులో ఉండేది నికర, స్థూల బరువులూ పెట్టెల సంఖ్యే. ఈ కేసులో 276 మారలేదు కాబట్టి కస్టమ్స్ దగ్గర సవరించేదేమీ లేదు. తూకంలోనే తేడా వస్తే అది వేరే తలనొప్పి.

క్రెడిట్ నోట్‌కు మాత్రం గడువు ఉంది. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు లేదా ఆ ఏడాది వార్షిక రిటర్న్ వేసేలోపు, ఏది ముందైతే అప్పటికి దాన్ని రిటర్న్‌లో చూపిస్తేనే ఫార్వార్డర్ తన పన్ను తగ్గించుకోగలడు. ఆ తేదీ దాటితే 9,805 ఇవ్వడానికి ఒప్పుకున్నా, 1,764.90 దగ్గర మళ్లీ పేచీ మొదలవుతుంది.